కల్చర్‌లో ఏం పెరగలేదంటే జబ్బు లేదని కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఎండాకాలం రాగానే మీ పేపర్లో నీళ్లు బాగా తాగండి, మూత్రంలో మంట రాదు అని ఒక ఐటెమ్ వస్తుంది, మంచిదే. కానీ నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, యూరిన్ డబ్బాలు పట్టుకుని మా కిటికీ దగ్గర నిలబడే ఆడవాళ్లని రోజూ చూస్తా కాబట్టి ఇంకో సంగతి రాయాలనిపించింది. మంట, పొత్తి కడుపులో నొప్పి అనగానే ఇంట్లోవాళ్లు వేడి చేసిందంటారు, సబ్జా నీళ్లు, బార్లీ అయ్యాక మెడికల్ షాపులో ఐదు రోజుల బిళ్లలు. చాలామందికి అది మామూలు యూరిన్ ఇన్ఫెక్షనే, తగ్గిపోతుంది కూడా. నేను రాసేది తగ్గి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల గురించి.

ఒకామె గురించి చెప్తా, ఊరు పేరు వద్దు. నలభై లోపు వయసు, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మంట, పొత్తి కడుపు పట్టేసినట్టు ఉండటం, అరగంటకోసారి బాత్రూమ్, రాత్రి కూడా నిద్ర లేదు. ఒక ప్లాస్టిక్ కవర్ నిండా చీటీలు తెచ్చింది. సిప్రోఫ్లాక్ససిన్ ఒకసారి, లెవోఫ్లాక్ససిన్ ఒకసారి, సెఫిక్సిమ్ ఒకసారి, మళ్లీ సిప్రో. వేసుకున్నప్పుడు కాస్త తగ్గుతుంది, ఆపిన వారం పది రోజులకి మళ్లీ మొదలు. మూత్రాన్ని ప్లేట్ మీద వేసి ఏ క్రిమి పెరుగుతుందో చూసే కల్చర్ టెస్టు చేయించావా అమ్మా అంటే, "చేయించా అక్కా, రెండుసార్లూ నార్మలే అన్నారు" అంది.

రిపోర్టు తీసి చూస్తే నార్మల్ అని ఎక్కడా లేదు, నో గ్రోత్, అంటే ఏ క్రిమీ పెరగలేదు అని ఉంది. దాని పక్కనే ఉన్న యూరిన్ రిపోర్టులో పస్ సెల్స్, అంటే చీము కణాలు, 25-30 ఉన్నాయి, మామూలుగా ఐదు దాటకూడదు. ఎర్ర కణాలు కూడా కొన్ని ఉన్నాయి. అంటే లోపల వాపు ఉంది, కానీ మేం రోజూ వాడే ప్లేట్ మీద పెరిగే క్రిమి కనపడలేదు. మామూలు కల్చర్ ప్లేట్‌ని మేం ఒకటి రెండు రోజులు చూసి పారేస్తాం. టీబీ క్రిమి ఆ ప్లేట్ మీద పెరగనే పెరగదు, దానికి వేరే కల్చర్ కావాలి, అదీ ఆరు వారాల దాకా ఆగి చూడాలి. క్లమీడియా అనే సుఖవ్యాధి క్రిమి కూడా మామూలు ప్లేట్ మీద రాదు.

పస్ సెల్స్ ఉండి కల్చర్ ఖాళీగా వస్తే టీబీయే అని నేను అనట్లేదు. యాంటీబయాటిక్ రెండు డోసులు వేసుకుని శాంపిల్ ఇచ్చినా అలాగే వస్తుంది, రాయి ఉన్నా రావచ్చు. ఇంకోటి, రిపోర్టులో ఎపిథీలియల్ సెల్స్, అంటే పై పొర నుంచి రాలే కణాలు, అని ఒక లైను ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. అవి చాలా ఉన్నాయంటే తెల్లబట్ట కలిసిన శాంపిల్ అయి ఉండొచ్చు, అప్పుడు ఆ పస్ సెల్స్ మూత్రంలోవో కావో చెప్పలేం, శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టి మళ్లీ ఇవ్వాలి. ఇచ్చిన డబ్బా రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, పొద్దున పట్టి మధ్యాహ్నం బస్సులో తెస్తే దాంట్లో క్రిములు పెరిగిపోయి ఉంటాయి, ఆ కల్చర్‌ని నమ్మలేం.

ఈమె విషయంలో ఎపిథీలియల్ సెల్స్ తక్కువే, మందు ఆపేసి చాలా రోజులైంది, మధ్య ధారే ఇచ్చింది. చీటీలన్నీ వరసగా పెట్టి చూసిన డాక్టరమ్మ సాయంత్రం జ్వరం వస్తుందా, బరువు తగ్గావా అని అడిగింది. జ్వరం లేదు, దగ్గు లేదు, జాకెట్లు మాత్రం వదులయ్యాయంది. కిడ్నీ, బ్లాడర్‌లకి వచ్చే టీబీలో చాలామందికి జ్వరం, దగ్గు ఉండవు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వరసగా మూడు రోజులు పొద్దున లేవగానే వచ్చే మూత్రం తెమ్మన్నారు, ఎందుకంటే టీబీ క్రిమి మూత్రంలో రోజూ ఒకేలా పడదు. టీబీ క్రిమి జన్యువుని వెతికే సీబీనాట్ టెస్టులో టీబీ తేలింది. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది, కిడ్నీ నుంచి బ్లాడర్‌కి వచ్చే గొట్టం కింద వైపు సన్నబడిపోయింది. మూత్రం దిగడానికి ఆ గొట్టంలో స్టెంట్ అనే సన్న ట్యూబు వేశారు. మందులు ఆరు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఫ్రీగానే ఇస్తారు, పోషణకి నెలకి 1000 రూపాయలు బ్యాంకులో పడతాయి. మందు మొదలుపెట్టిన మర్నాడే మూత్రం నారింజ రంగులో వచ్చిందని భయపడి పరిగెత్తుకొచ్చింది, అది రిఫాంపిసిన్ రంగు, ముందే చెప్పి ఉండాల్సింది.

ఇక్కడ నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. సిప్రో, లెవో లాంటి బిళ్లలు టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తాయి, కానీ అదొక్కటే నాలుగు రోజులు వేసుకుంటే జబ్బు పోదు, కొంచెం అణుగుతుంది అంతే. అందుకే తగ్గినట్టు అనిపిస్తుంది, తగ్గుతుంది కదా అని మళ్లీ అదే కొంటారు, ఈలోపు గొట్టం సన్నబడుతుంది, బ్లాడర్ కుంచించుకుపోతుంది. కుంచించుకుపోయిన బ్లాడర్ మందులతో మళ్లీ పెద్దదవుతుందన్న గ్యారంటీ లేదు. లెవో, సెఫిక్సిమ్ షెడ్యూల్ హెచ్1 మందులు, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో రిజిస్టర్లో రాయాలి. 2014 నుంచి ఉన్న రూలే ఇది, మా సెంటర్లో ఆ రిజిస్టర్ ఎవరైనా తెరిచి చూశారా అని నాకు డౌటే.

టీబీ కాక మిగతావి కూడా ఉంటాయి. మూత్రం బయట చర్మానికి తగిలినప్పుడే మంట, దురద, తెల్లబట్ట ఉంటే అది బ్లాడర్ది కాకపోవచ్చు. ముట్లుడిగిన వాళ్లకి అక్కడి చర్మం పొడిబారి పల్చబడి మంట వస్తుంది, దానికి యాంటీబయాటిక్ కాదు, డాక్టర్ రాసే హార్మోన్ క్రీమ్ పనిచేస్తుంది, మా దగ్గరికి వచ్చే పెద్దావిడలు సిగ్గుపడి ఆ మాటే ఎత్తరు. పొత్తి కడుపు నొప్పితో పాటు వాసన వచ్చే తెల్లబట్ట, కలిసినప్పుడు నొప్పి ఉంటే గర్భసంచి, ట్యూబుల ఇన్ఫెక్షన్ కావచ్చు, భర్తకి కూడా మందు ఇవ్వాల్సి రావచ్చు, ఆయన రానంటాడు, అది వేరే కథ. చలి జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉన్నా, నెల తప్పి ఒక పక్క నొప్పి వచ్చినా షాపుకి కాదు, అదే రోజు ఆసుపత్రికే పోవాలి. గర్భిణీలు చిన్న మంటైనా సొంతంగా ఏ బిళ్లా వేసుకోకూడదు.

అధికారులని నేను అడిగేది పెద్ద ఖర్చుదేం కాదు. రెండోసారి మంట అని వచ్చిన ఆడమనిషికి బిళ్ల రాసే ముందే శాంపిల్ తీసి కల్చర్‌కి పంపాలి. పస్ సెల్స్ ఎక్కువ ఉండి నో గ్రోత్ వస్తే మా ల్యాబులే రిపోర్టు కింద "మళ్లీ చూడాలి, టీబీ టెస్టు ఆలోచించండి" అని ఒక లైను రాసే ఆర్డర్ ఇవ్వాలి, ఎందుకంటే మాలాంటి వాళ్లం సొంతంగా రాస్తే డాక్టర్లకి నచ్చదు. మూడు రోజుల పొద్దుటి శాంపిళ్లని పీహెచ్‌సీలోనే తీసుకుని టీబీ ల్యాబ్‌కి పంపాలి, కూలి పోగొట్టుకుని మూడు రోజులు వరసగా టౌనుకి ఎవరొస్తారండీ. ఆ టెస్టు నెగెటివ్ వచ్చినా మంట తగ్గకపోతే ఫైల్ మూసేయకుండా స్కానింగ్‌కి, అవసరమైతే యూరాలజీకి పంపాలి, నెగెటివ్ ఒక్కదానితో టీబీ లేదని తేల్చేయలేం.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
నల్గొండ జిల్లా