పార్శిల్ వెనక్కి పోతే నష్టం ఎవరిది?

సంపాదకుడికి,

మా అల్లూరు మండలంలో ఒక రొయ్యల రైతు చెరువులో ఆక్సిజన్ చూసే మీటర్ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాడు. బెంగళూరులో ఉండే కొడుకు చేత 9,800 రూపాయలు ముందే యూపీఐలో కట్టించాడు. పార్శిల్ నెల్లూరు దాకా వచ్చింది. ఆ రోజు ఆయన గట్టు మీదే ఉన్నాడు, ఒక్క ఫోనూ రాలేదు. ట్రాకింగ్‌లో మాత్రం ఉదయం `Out for delivery`, సాయంత్రం `Consignee unavailable`, తర్వాత `RTO Initiated`. అంటే పంపినవాడికే తిరుగు ప్రయాణం. కొరియర్ ఆఫీసుకు పరుగెత్తితే, 'సిస్టమ్‌లో రిటర్న్ పడింది, ఇక మా చేతిలో లేదు' అన్నారు.

అసలు తంటా ఇక్కడ మొదలైంది. సరుకు గోడౌన్‌కు చేరి `RTO Delivered` అని స్కాన్ పడేదాకా రిఫండ్ మొదలుపెట్టమని అమ్మకందారు చెప్పాడు. పైగా రానుపోను రవాణా కింద 340 రూపాయలు కోస్తానన్నాడు. కొనుగోలుదారే అందుబాటులో లేడని కొరియర్ రాసుకుంది కదా, అదే అతని ఆధారం. మళ్లీ పంపమంటే ఈసారి ధర పెరిగిందట!

ఆ రైతు ఆర్డర్‌ను తాను రద్దు చేయలేదు. చేసి ఉంటే తప్పు ఆయన మీదికే వచ్చేది. ఏ నంబరుకు, ఎన్ని గంటలకు ఫోన్ చేశారో చూపించమని అమ్మకందారు ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాడు, తన ఫోన్ కాల్ లిస్టు, ట్రాకింగ్ స్క్రీన్‌షాట్లు జతచేశాడు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కొరియర్ దగ్గర కాల్ రికార్డు లేదని తేలాక కోత లేకుండా మొత్తం సొమ్ము ఇచ్చారు. అదైనా ఆర్డర్ సమయంలో డబ్బు కట్టిన బెంగళూరు కొడుకు ఖాతాలోకే పోయింది. ఈయన తన పాస్‌బుక్ చూసుకుని ఇంకా రాలేదని టెన్షన్ పడ్డాడు. రిఫండ్ రిఫరెన్స్ నంబరు అడిగి తీసుకుంటే, డబ్బు కట్టిన ఖాతా బ్యాంకులోనే వెతికించవచ్చు.

మళ్లీ పంపించుకోదలిస్తే పాత ధరకే, కొత్త ట్రాకింగ్ నంబరుతో పంపుతామని రాతపూర్వకంగా తీసుకోవాలి. అది లేనిదే రిఫండ్ వదులుకోకూడదు. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

కానీ మీటరు కోసం ఎదురుచూసే రైతుకు తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే కేసు గెలిచి ఏం లాభం? ఫోన్ చేసిన రుజువు లేనిదే రిటర్న్ పెట్టకూడదని కొరియర్ సంస్థలను అధికారులు కట్టడి చేయాలి. పల్లె చిరునామాల పార్శిళ్లను వెనక్కి పంపేముందు కొన్ని రోజులు దగ్గర్లోని కౌంటర్‌లో ఉంచి, మెసేజ్ పెడితే మేమే వెళ్లి తెచ్చుకుంటాం.

– ఒక పాఠకుడు, అల్లూరు, నెల్లూరు జిల్లా