రెండు తాళం చెవులు, ఇద్దరు మనుషులు

సంపాదకుల వారికి,

కిందటి వారం మీ జిల్లా పేజీలో ఒక బ్యాంకు బ్రాంచిలో జరిగిన గొడవ గురించి వార్త వేశారు. కుర్ర మేనేజరు ఒకాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్ క్యాషియరుని, లెక్కలో తేడా వచ్చిందని ఖాతాదారులందరి ముందు కేకలేశాడని, అది ఎవరో ఫోన్‌లో తీశారని. అప్పుడే రాద్దామనుకుని ఆగాను. తర్వాత మీరు వేసిన పాఠకుల ఉత్తరాలు చదివాక ఇక ఊరుకోలేకపోయాను. సగం మంది పెద్దవాళ్ళకు మర్యాద లేదా అన్నారు, సగం మంది మేనేజరంటే మేనేజరే అన్నారు. మర్నాడు పొద్దున ఆ ఇద్దరే చెరొక తాళం చెవితో పక్కపక్కన నిలబడి స్ట్రాంగ్ రూమ్ తలుపు తీయాలి కదా! ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు.

నేనూ బ్యాంకు ఉద్యోగినే. 2015లో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, గోదావరి జిల్లాల్లోని ఒక పల్లె బ్రాంచికి మేనేజరుగా వెళ్ళాను. అక్కడి హెడ్ క్యాషియరు గారికి యాభై ఎనిమిది. వెళ్ళిన మొదటి రోజే కౌంటరు దగ్గర పదిమంది వింటుండగా "అమ్మాయీ, ఆ వోచరు ఇలా ఇవ్వు" అన్నారు. ఆయన మనసులో చులకన లేదు, వాళ్ళమ్మాయిది నా వయసే. అక్కడ నేనేమీ అనలేదు. సాయంత్రం క్యాబిన్‌లో టీ తెప్పించి, "ఇంట్లో ఎదురైతే అమ్మాయీ అనండి సార్, సంతోషిస్తాను. కౌంటరు దగ్గర మాత్రం మేడం అనండి. రేపు లోను ఇవ్వలేనని నేను చెప్పినప్పుడు వీళ్ళు నా మాట వినాలి" అన్నాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి సరేనన్నారు. నేను కూడా ఆయన్ని బాబాయి గారూ అని ఏనాడూ పిలవలేదు. వరస కలుపుకున్నాక డబ్బు మళ్ళీ లెక్కపెట్టండి అనడానికి నోరు రాదు.

అసలు చిక్కంతా ఆ లెక్క దగ్గరే. సాయంత్రం క్యాష్ మూసేటప్పుడు హెడ్ క్యాషియరు చెప్పిన అంకె నమ్మి మేనేజరు సంతకం పెట్టకూడదు, తానూ లెక్క చూడాలి. వంద నోట్లు ఒక ప్యాకెట్టు, పది ప్యాకెట్లు ఒక బండిల్. పైనా కిందా నోటు చూసి మధ్యలో ఏముందో చూడకపోతే అది లెక్క కాదు. కానీ ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, విప్పి చూడటం ఆయన్ని దొంగ అన్నట్టు అవుతుందేమోనని కొత్త మేనేజరు జంకుతాడు. నెల గడిచాక అలవాటుగా సంతకం పెట్టేస్తాడు. ఎప్పుడో ఒకరోజు అనుమానం వచ్చి విప్పమంటే అప్పుడు అది నిజంగానే అవమానం అవుతుంది. అందుకే మొదటి రోజు నుంచే విప్పాలి, ప్రతిరోజూ విప్పాలి, ఆయన పక్కనుండగానే విప్పాలి. రోజూ జరిగే పనిని ఎవరూ అనుమానం అనుకోరు.

మా బ్రాంచిలో పింఛన్లు ఇచ్చే ఒక రోజు సాయంత్రం అయిదు వేలు తక్కువ వచ్చింది. రెండుసార్లు లెక్కపెట్టాం, మళ్ళీ అంతే. ఆయన జేబులోంచి పర్సు తీసి, "నేను వేసేస్తాను మేడం, ఇంతటితో వదిలేయండి" అన్నారు. మా లైన్లో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన మాటే ఇది. తీసుకుంటే ఆ పూట గడుస్తుంది. కానీ తక్కువ వచ్చిన సొమ్మును అదే రోజు ఖాతాల్లో చూపించాలి, పైఆఫీసుకు తెలియజేయాలి. దాస్తే తప్పు ఇద్దరిదీ అవుతుంది, ఇంకోసారి తక్కువొస్తే నేను అడగడానికి ఉండదు. రాయక తప్పదన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ముప్పై రెండేళ్ళలో నా పేరు మీద షార్టేజ్ రాయలేదమ్మా" అన్నారు. మేడం అనడం కూడా మర్చిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రాశాం. ఆ తర్వాతే వెతకడం మొదలుపెట్టాం. విత్‌డ్రాయల్ ఫారాల వెనక ఏ నోట్లు ఎన్నిచ్చారో ఆయన పొందిగ్గా రాసుకునేవారు. కెమెరాలో చూస్తే, ఒకాయనకి ఇరవై వేలకి అయిదొందల నోట్లు నలభై ఇచ్చి, వెనకే ఉన్న పెద్దావిడకి పదిహేను వేలకి కూడా అదే చేతి ఊపులో నలభై ఇచ్చేశారు. ఫారం మీద మాత్రం ముప్పై అనే ఉంది. ఆవిడ ఇల్లు ఎక్కడో నాకు తెలియదు, ఆయనకి తెలుసు. పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం, మాట్లాడే పని ఆయనకే వదిలాను. ఆవిడ చీర కొంగు ముడి విప్పి పది నోట్లూ ఇచ్చేసింది. ఆ రోజే షార్టేజ్ ఎంట్రీ కొట్టేశాం. దాని పక్కన కారణం ఆయన చేతే రాయించాను.

ఆ తర్వాత ఆయన నాతో ఎక్కువ మాట్లాడారని చెప్పను. ఒక పదిహేను రోజులు ముభావంగానే ఉన్నారు. కానీ సాయంత్రం నేను అడగకముందే ప్యాకెట్లు విప్పి వరసగా పేర్చేవారు. బంగారం లోనుకి వచ్చిన మనిషి ఎవరి తాలూకో, ఆ నగ వాళ్ళదేనో కాదో అనుమానంగా ఉంటే ఆయన్ని అడిగేదాన్ని. ఆయన వద్దన్నవాళ్ళకి ఒకటి రెండుసార్లు నేను ఇచ్చాను కూడా. ఇచ్చేముందు ఎందుకిస్తున్నానో ఆయనకి చెప్పేదాన్ని, నిర్ణయం మాత్రం నాదే. అలాగే కంప్యూటరు దగ్గర ఆయన నెమ్మది. పక్కనున్న కుర్ర క్లర్కుకి పాస్‌వర్డ్ చెప్పేసి పని కానిచ్చేవారు. అది ఒప్పుకోలేదు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక రోజూ అరగంట పక్కన కూర్చుని నేనే నేర్పాను. జూనియరు చేత నేర్పిస్తే ఆయన నేర్చుకునేవారు కాదు.

ఇంతకీ ఈ పరిస్థితి ఎందుకొచ్చింది? 1969లో 14 బ్యాంకుల్ని, 1980లో మరో 6 బ్యాంకుల్ని జాతీయం చేసినప్పుడు ఊరూరా బ్రాంచిలు పెట్టి జనాన్ని బాగా తీసుకున్నారు. తొంభైల్లో నియామకాలు బాగా తగ్గించేశారు. 2000లో స్వచ్ఛంద పదవీ విరమణ పెట్టి అనుభవమున్నవాళ్ళనే పంపేశారు. చాలా ఏళ్ళకి మళ్ళీ పెద్ద ఎత్తున పరీక్షలు పెట్టి కుర్రవాళ్ళని తీసుకున్నారు. దాంతో మధ్య వయసువాళ్ళు లేకుండా పోయారు. తండ్రి వయసు మనిషి మీద కూతురు వయసు మనిషిని కూర్చోబెట్టింది పైవాళ్ళే. మాకు ట్రైనింగులో డిపాజిట్లు చెప్పారు, లోన్లు చెప్పారు. ఇన్సూరెన్సు పాలసీలు ఎలా అంటగట్టాలో గంటలకొద్దీ చెప్పారు. తప్పు చేసిన పెద్దాయనతో ఆ సాయంత్రం ఎలా మాట్లాడాలో ఒక్క పూట కూడా చెప్పలేదు. ఇప్పుడు వీడియో బయటికొచ్చాక ఆ కుర్రాడి మీద చర్యట! కోపంలో అరిచాడు, తప్పే. ఆ పెద్దాయన లెక్కలో ఏ తేడా వచ్చిందో, దాన్ని అంతకుముందు ఎన్నిసార్లు చూసీచూడనట్టు వదిలేశారో మీ విలేకరి కూడా అడగలేదు. అడిగి ఉండాల్సింది.

పైఅధికారులు పెద్ద పెద్ద సదస్సులేమీ పెట్టక్కర్లేదు. ఛార్జి అప్పగించేటప్పుడు పాత మేనేజరు, కొత్త మేనేజరు, హెడ్ క్యాషియరు ముగ్గురూ కలిసి రెండు సాయంత్రాలు పూర్తిగా క్యాష్ లెక్కపెట్టేలా చేస్తే చాలు. ఇప్పుడు పాతాయన మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతాడు, కొత్తాయన కాగితాల మీద సంతకాలు పెట్టి తాళం చెవి తీసుకుంటాడు. వచ్చే బదిలీలకైనా ఇది మార్చండి.

ఇట్లు,
ఒక బ్యాంకు ఉద్యోగిని,
తూర్పు గోదావరి జిల్లా