తొక్కిసలాట రోజున ఆగని పోస్టులు

సంపాదకుడు గారికి,

2025 జనవరి 29, మౌని అమావాస్య. ప్రయాగరాజ్ మహా కుంభమేళాలో ఇంకా తెల్లవారకముందే తొక్కిసలాట జరిగింది. 30 మంది చనిపోయారని అధికారులు ప్రకటించేసరికి సాయంత్రమైంది. ఈ రెండింటి మధ్య ఉన్న గంటల గురించే ఈ లేఖ.

ఆ ఉదయం ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి భక్తులను ఒకటే కోరారు: సంగమం వైపు రావద్దు, ఎవరికి దగ్గరలో ఉన్న ఘాట్‌లో వారు స్నానం చేయండి. కానీ సంస్థలు సోషల్ మీడియాలో పెట్టే పండుగ పోస్టులు ఏ రోజుకు ఆ రోజు తయారయ్యేవి కావు. ఎన్నో రోజుల ముందే షెడ్యూల్‌లో చేరి, వాటి వేళకు అవే వెలువడతాయి. ఒక యాత్రా సంస్థ పెట్టి ఉంచిన ‘సంగమ స్నానానికి తరలి రండి’ అనే వీడియో ఉదయం ఆరింటికి వచ్చిందనుకుందాం. చూసినవారి మనసు నొప్పించడం ఒక ఎత్తు, రద్దీ తగ్గించాలని అధికారులు వేడుకుంటున్న చోటికే జనాన్ని పిలవడం మరొక ఎత్తు.

ఆపడం కష్టమేమీ కాదు, ఏది ఎక్కడ ఉందో తెలిస్తే. యూట్యూబ్‌లో షెడ్యూల్ చేసిన వీడియోను ‘ప్రైవేట్’కు మారిస్తే చాలు, అది ఆ వేళకు బయటకు రాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను ప్లానర్‌లోకి వెళ్లి వెనక్కి తీసుకోవచ్చు. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. డబ్బు కట్టి నడిపే ప్రకటనలు వేరే ఖాతాలో ఉంటాయి, పోస్టులు ఆపినా అవి నడుస్తూనే ఉంటాయి. మూకుమ్మడిగా పంపే వాట్సాప్ సందేశాలదీ అదే తీరు. అర్ధరాత్రి దాటాక వీటన్నిటినీ ఆపే అధికారం, పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉన్నాయన్నది పండుగకు ముందే తేలాలి. యజమాని నిద్ర లేచేదాకా ఆగే పని కాదిది.

తర్వాత ఏమైనా రాయాలనుకుంటే తక్కువ రాయడం మేలు. అధికారులు చెప్పిన సంగతి, చెప్పిన సమయం, సహాయ కేంద్రం నంబరు ఉంటే చాలు. మృతుల సంఖ్యను ఊహించి రాయకూడదు. ఆప్తుల కోసం వెతుకుతున్నవారు ఆ అంకెలను ఎంత ఆత్రంగా చదువుతారో తలచుకోవాలి. పాత ఉత్సవాల వీడియోలు, స్పృహ తప్పినవారి ముఖాలు అసలే వద్దు. సంతాపం కార్డు మీద దుకాణం చిహ్నం, కింద ఫోన్ నంబరు వేసేవారిని ఏమనాలో నాకు తెలియదు! మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అన్నిటినీ ఒక్కసారిగా వదలకుండా ఒక్కొక్కటీ చదివి చూడాలి. ‘పోటెత్తిన భక్తజనం’ అని గొప్పగా రాసుకున్న శీర్షిక నిన్నటిదాకా బాగానే ఉండవచ్చు, ఇవాళ మాత్రం అది తీసేయవలసిందే.

మీకూ ఒక విన్నపం. వార్తలోని మాటలను బట్టి దాని పక్కన ప్రకటనలు వాటంతట అవే చేరే పద్ధతి ఉంది. అందువల్ల తొక్కిసలాట వార్త పక్కన తీర్థయాత్ర ప్యాకేజీ ప్రకటన కనిపించే వీలుంది. అలాంటి వార్తల పేజీల్లో ప్రకటనలను ఆపే బాధ్యతను రాత్రి డ్యూటీలో ఉన్నవారికి అప్పగించగలరా?

ఇట్లు,
ఒక పాఠకురాలు