బూజు కామెంట్‌కి మేం పెట్టిన వీడియో, దాని ముందు తీసి పెట్టకుండా వదిలేసిన వీడియో

"కిలో ఆవకాయకి 650 తీసుకున్నారు. మూత తీస్తే నూనె లేదు, పైన తెల్లగా బూజు. ఇంట్లో చేశాం అని మాటలు చెప్పి పాత సరుకు అంటగడుతున్నారు. దొంగలు."

అందరికీ నమస్కారం. పోయిన నెల మా రీల్ కింద వచ్చిన కామెంట్ ఇది. దీనికి మేం పెట్టిన వీడియో చూసి చాలామంది "అంత శాంతంగా ఎలా చెప్పారు" అని మెసేజ్ చేశారు. మీరు చూసింది రెండో వీడియో. మొదటిది మీకు చూపించలేదు, దాని సంగతి కూడా చెప్పాలి.

కామెంట్ చూసిన అరగంటలోనే, రాత్రి పది దాటాక, వంటింట్లో నిలబడి మొదటి వీడియో తీశాను. జాడీ వాసెన విప్పి, నూనె ఎలా తేలుతోందో చూపించి, తడి గరిటె పెడితే ఎవరి పచ్చడైనా బూజు పడుతుందని చెప్పాను. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆయన తడి గరిటె పెట్టారో లేదో నేను అసలు అడగలేదు, ఆయన సీసా ఎలా ఉందో కూడా చూడలేదు. పోస్ట్ చేసేముందు మా చెల్లికి పంపితే, పక్కన పిల్లవాడు పడుకున్నాడని సౌండ్ తీసేసి చూసి, "అక్కా, ఎవర్నో తిడుతున్నావా?" అని అడిగింది. మాటలు వినకుండానే మొహం, చేతులు చూసి ఆ మాట అంది. అప్పుడే డిలీట్ చేశాను. ఇప్పుడు ప్రతి జవాబు వీడియోనీ ముందు సౌండ్ లేకుండా ఒకసారి చూసుకుంటున్నాను.

ఆ రాత్రి కామెంట్ కింద ఒకే లైను రాశాను: "మీ ఆర్డర్ వివరాలు, సీసా ఫొటో మెసేజ్ చేయండి, రేపు పొద్దున్నే చూసి చెప్తాను." ఆయన కోపంగానే పంపారు, కానీ పంపారు. ఆ ఫొటోలో బూజు కంటే ముందు నా కంటపడింది లేబుల్. నూనెతో తడిసి సగం ఊడిపోయి ఉంది. కవర్ లోపలంతా నూనె. సీసాలో నూనె ముక్కల కిందికి, దాదాపు అంగుళం దిగిపోయింది. మూత కింద అతికించే సీలు ఒకవైపు ముడతపడి, అక్కడ అంటుకోలేదు.

ప్రతి లాట్ నుంచీ ఒక చిన్న సీసా మా దగ్గర పక్కన పెట్టుకుంటాం. అదే లాట్ సీసా తీసి చూస్తే నూనె పైనే ఉంది, వాసన బాగుంది, బూజు లేదు. అంటే కలిపినప్పుడు పచ్చడి బాగానే ఉంది. కొరియర్లో సీసా పక్కకి పడిపోయి, ఆ ముడత దగ్గర నూనె కారిపోయి, పైముక్కలు బయటపడ్డాయి. ఆవకాయకి నూనె రుచి కోసం మాత్రమే కాదు. మూడో రోజు తిరగకలిపాక పైకి తేలే ఆ నూనే ముక్కలకి గాలి, తేమ తగలకుండా కప్పుతుంది. బూజుకి గాలి కావాలి, నూనె కింద దానికి గాలి అందదు. ఉప్పు సరిపడా ఉన్నా సరే, నూనెలోంచి పైకి తేలిన ముక్క మీద బూజు రావచ్చు. ఆవపిండి కూడా రోజులు గడిచేకొద్దీ నూనె పీల్చుకుంటూనే ఉంటుంది కాబట్టి, కొంచెం కారినా లోటు తొందరగా తెలుస్తుంది.

ఇక్కడ నాకు ఒక సులువైన దారి కనిపించింది: "మా పచ్చడి తప్పు కాదు, కొరియర్ తప్పు." అలా చెప్పి ఉంటే వీడియో మళ్ళీ మొదటిదానిలాగే అయ్యేది. సీలు వేసింది మేమే. మా ఇంటి జాడీలో పచ్చడి ఎంత బాగుంటే ఏం లాభం, డబ్బు కట్టినాయన ఇంట్లో బూజు పట్టింది కదా. అందుకే రెండో వీడియోలో మొదటి మాటగా "మీ సీసాలో బూజు వచ్చిన మాట నిజం, సీలు మేం సరిగా వేయలేదు, డబ్బులు వెనక్కి పంపించాం" అని చెప్పాను. ఆ తర్వాతే నూనె సంగతి. వీడియో మొత్తం ఒక నిమిషం పైన కొంచెం. ఆయన పంపిన ఫొటో ఆయన ఒప్పుకున్నాకే వాడాను, మా దగ్గరున్న సీసా పక్కన పెట్టి రెండింటిలో నూనె ఎక్కడుందో వేలుతో చూపించాను. మ్యూజిక్ పెట్టలేదు.

ఇన్‌స్టాలో కామెంట్‌కి రీల్‌తోనే జవాబిచ్చే సదుపాయం ఉంది, కానీ అందులో రాసినవాళ్ళ పేరు కూడా స్క్రీన్ మీద పడుతుంది. మన కస్టమర్లే వెళ్ళి వాళ్ళ మీద పడతారు. కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి, పేరు, ఫొటో పూర్తిగా కప్పేసి వాడాను. అయినా కొందరు అభిమానంతో ఆయన్ని తిట్టడం మొదలుపెట్టారు. వాళ్ళకి నేను కోరింది ఒకటే, ఆ కామెంట్‌నే పైన పిన్ చేశాను: "ఆయన చెప్పబట్టే సీలు సంగతి తెలిసింది, దయచేసి ఆయన్ని ఏమీ అనొద్దు."

మాటల దగ్గర నాకు ఎక్కువ టైమ్ పట్టింది. మన తెలుగులో మర్యాద ఎక్కువైతే వెటకారం అయిపోతుంది. "సార్ గారూ, తమరు చెప్పినట్టే" అంటే వినేవాళ్ళకి వెంటనే గుచ్చుకుంటుంది. "కొంతమంది ఉంటారు" అన్నా అంతే. మామూలుగా ఎదురుగా ఉన్న కస్టమర్‌తో మాట్లాడినట్టు "మీరు" అన్నాను, చాలు. "సారీ, కానీ" అని ఒక చోట వచ్చింది, అది తీసేసి మళ్ళీ తీశాను. "కానీ" వచ్చాక ముందున్న సారీ ఎవరికీ వినపడదు. "దొంగలు" అన్న మాటకి వీడియోలో జవాబు చెప్పలేదు. దానికి జవాబు మొదలుపెడితే వీడియో మా గురించి అయిపోతుంది, సీసా గురించి కాదు.

అన్ని కామెంట్లకీ ఇలా వీడియో పెట్టను. పచ్చడిలోనో, ప్యాకింగ్‌లోనో, డెలివరీలోనో మేం చూసి సరిచేయగలిగింది ఏదైనా ఉంటేనే పెడతాను. కులం, ఒళ్ళు, ఇంట్లో వాళ్ళ గురించి రాసినవి దాచేస్తాను, వాటికి జవాబు ఉండదు.

వీడియో చూశాక అదే లాట్ కొన్న మరో ముగ్గురు ఫొటోలు పంపారు. ఇద్దరి సీసాలో నూనె తగ్గింది, బూజు లేదు. వాళ్ళు మొహమాటంతో ఇన్నాళ్ళూ చెప్పలేదట. మొదట కామెంట్ రాసినాయన డబ్బులు అందాయని మెసేజ్ పెట్టారు, మళ్ళీ కొంటారో లేదో చెప్పలేనన్నారు. అది ఆయన ఇష్టం.

ఈ వారం నుంచి ప్రతి సీసానీ సీలు వేశాక తలకిందులుగా పేపర్ మీద రాత్రంతా పెడుతున్నాం. పేపర్ మీద నూనె మరక ఉంటే ఆ సీసా బయటికి వెళ్ళదు. మీ ఇంటికి సీసా రాగానే మూత చుట్టూ తడిగా ఉందా, నూనె ముక్కల పైన ఉందా చూడండి. నూనె తగ్గి, బూజు ఇంకా లేకపోతే, నువ్వుల నూనె కాచి పూర్తిగా చల్లారాక ముక్కలు మునిగేలా పోయండి. బూజు కనిపిస్తే మాత్రం పైది తీసేసి కిందది తినొద్దు, కంటికి కనపడనిది లోపలికి దిగి ఉండొచ్చు. ఫొటో తీసి మాకు పంపి పారేయండి, కొత్త సీసా గానీ డబ్బులు గానీ మీరు కోరినట్టు పంపిస్తాం.