పంతొమ్మిదో అంతస్తులో తెరుచుకోని మెట్ల తలుపు: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

హైదరాబాద్ పడమటి దిక్కున ఉన్న ఒక ఇరవై రెండు అంతస్తుల అపార్ట్‌మెంట్ నివాసిగా, ముప్పై ఏళ్లు వెంటిలేషన్ పనుల్లో గడిపినవాడిగా నమస్కరించి వ్రాయునది. ఏడాదిలో మూడు అర్జీలు ఇచ్చాను. రసీదులు వచ్చాయి గాని మనిషి రాలేదు. అందుకే ఈ బహిరంగ లేఖ.

మా భవనంలో అగ్నిప్రమాద కసరత్తు జరిగిన రోజు, పొగ చొరబడకుండా మెట్లలోకి గాలి నింపి పీడనం పెంచే ప్రెషరైజేషన్ ఫ్యాన్ వేశారు. పంతొమ్మిదో అంతస్తులో డెబ్బై ఏళ్ల పెద్దావిడ మెట్ల తలుపును రెండు చేతులతో నెట్టినా అది బెత్తెడు తెరుచుకుని మళ్లీ మూసుకుపోయింది. చివరికి నేనూ ఆమె మనవడూ భుజాలు ఆనించి తోస్తే గాని ఆవిడ లోపలికి వెళ్లలేకపోయారు. ఆ సమయంలో వెనక నిజంగా పొగ ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయమేస్తోంది.

మరుసటి వారం మళ్లీ ఫ్యాన్ వేయించి, హ్యాండిల్‌కు తాడు కట్టి, స్ప్రింగ్ త్రాసుతో మెట్ల వైపు నుంచి లాగి చూశాను. పంతొమ్మిదో అంతస్తులో త్రాసు పదిహేడు కిలోలు చూపింది, అంటే దాదాపు 167 న్యూటన్లు. అమెరికాలో అగ్నిప్రమాద భద్రతా ప్రమాణాలు రూపొందించే ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ ప్రమాణం తలుపును కదిలించడానికి 133 న్యూటన్లకు మించకూడదంటుంది, ఐరోపా ప్రమాణం 100 దగ్గరే ఆగుతుంది. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016 మెట్లకు చెప్పిన 50 పాస్కల్స్ పీడనమే ఉంటే ఈ ఇబ్బంది రాదు. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తున్న తలుపు మీద ఆ పీడనం మొత్తం 105 న్యూటన్లతో నొక్కుతుంది. హ్యాండిల్ బందుల నుంచి దూరంగా ఉంటుంది కనుక చేతికి తెలిసేది అందులో సగం కంటే కొంచెం ఎక్కువ, సుమారు 57. తలుపును తనంతట తాను మూసే డోర్ క్లోజర్ స్ప్రింగుకు మరో 40 కలిపినా వందలోపే ఉంటుంది. త్రాసు 167 చూపిందంటే అక్కడి పీడనం 110 పాస్కల్స్ దాటిందన్నమాట.

రెండో అంతస్తు పార్కింగ్‌లో అదే తలుపు ఆరు కిలోలకే తెరుచుకుంది. సుఖంగా ఉందని సంతోషించవలసిన విషయం కాదిది. లెక్క కడితే అక్కడి పీడనం 17 పాస్కల్స్ కూడా లేదు. తలుపు తెరిచి అగరుబత్తి పట్టుకుంటే పొగ పార్కింగ్ వైపు పోవడానికి బదులు మెల్లగా మెట్లలోకి వంగింది. కింద కారు అంటుకుంటే ఆ పొగ వచ్చే దారి కూడా అదే.

ఒకే మెట్లలో పైన ఇంత, కింద ఇంత ఎందుకంటే, డాబా మీది ఒకే ఫ్యాన్ ఒకే చోట గాలి వదులుతోంది. కిందికి వచ్చేసరికి అది దారి పొడవునా కారిపోతోంది. పార్కింగ్‌లో ఫైర్ పైపులు గోడ దాటే చోట ముప్పై సెంటీమీటర్లకు ఇరవై సెంటీమీటర్ల రంధ్రాన్ని పూడ్చకుండానే వదిలేశారు. మెట్ల లోపలికి తెరుచుకునే మంచి తలుపు చుట్టూ ఉండే సందులన్నీ కలిపితే వంద చదరపు సెంటీమీటర్లని లెక్క. ఈ ఒక్క రంధ్రం ఆరు తలుపులంత గాలిని మింగుతోంది. ఇంటర్నెట్ వైర్ల కోసం ఆ తరువాత కొట్టిన రంధ్రాలు వేరే ఉన్నాయి.

ఇక ఫ్యాన్ సామర్థ్యం. తెరిచిన తలుపులోంచి సెకనుకు మీటరు వేగంతో గాలి బయటికి రావాలంటే సెకనుకు 2.1 ఘనపు మీటర్లు కావాలి, 50 పాస్కల్స్ దగ్గర ముప్పై అయిదు మూసిన తలుపుల సందుల్లోంచి పోయేంత గాలి అది. ఆ గాలికి సరిపడే ఫ్యాన్ తలుపులన్నీ మూసి ఉన్నప్పుడు కూడా పూర్తి వేగంతో తిరిగితే పీడనం పెరగక ఏమవుతుంది? మిగులు గాలిని వదిలేందుకు రిలీఫ్ డ్యాంపర్ పెట్టారు. వెళ్లి చూస్తే దాని రెక్కలు గోడతో పాటు రంగు పూసుకుని అతుక్కుపోయి ఉన్నాయి.

తనిఖీకి వచ్చినవారు ఫ్యాన్ తిరిగే శబ్దం విన్నారు, తలుపులన్నీ మూయించి ఫ్యాన్ పక్కనే ఒక్కచోట మీటరు పెట్టారు, సంతకం చేశారు. పై అంతస్తులో పరీక్షించి తలుపు గట్టిగా ఉందని గుత్తేదారుకు మొరపెట్టుకుంటే ఆయన క్లోజర్ స్ప్రింగు వదులు చేశాడు. నలభై న్యూటన్లు తగ్గాయి గాని, ఫ్యాన్ ఆపితే తలుపు తనంతట తాను మూసుకోవడం మానేసింది. ఫ్యాన్ వేగం తగ్గిస్తామన్నారు. అలా చేస్తే కింద ఉన్న కొద్దిపాటి పీడనమూ పోతుంది. రంధ్రాలు మాత్రమే పూడ్చి ఊరుకుంటే పైన పీడనం ఇంకా పెరుగుతుంది. అయ్యా, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవని నా మూడు అర్జీల్లోనూ వ్రాశాను.

దయచేసి ముందు రంధ్రాలను మంటకు తట్టుకునే పదార్థంతో పూడ్పించండి. తరువాత గాలిని డక్టు ద్వారా కొన్ని అంతస్తులకొకచోట వదిలేలా, మెట్ల మధ్య ఎత్తులో సెన్సర్ పెట్టి దాని పీడనాన్ని బట్టి ఫ్యాన్ వేగం మారేలా ఆదేశించండి. రిలీఫ్ డ్యాంపర్‌ను విడిపించండి. ఆపైన తలుపులన్నీ మూసినప్పుడు ఒకసారి, రెండు తలుపులు తెరిచినప్పుడు ఒకసారి, ప్రతి మూడో అంతస్తులోనూ స్ప్రింగ్ త్రాసుతో కొలిచి, ఆ అంకెలు ధ్రువపత్రంలో వ్రాయించండి. మా ఒక్క భవనానికే కాదు, నగరంలోని ప్రతి ఎత్తైన భవనానికీ ఇదే పద్ధతి పెట్టించండి. ఇందుకు కావలసిన త్రాసు కిరాణా కొట్లో దొరుకుతుంది. మీరు పంపే అధికారి ఎవరైనా, ఏ రోజు వచ్చినా, పంతొమ్మిదో అంతస్తు తలుపు దగ్గర నేను త్రాసుతో ఉంటాను.

ఇట్లు,
పంతొమ్మిదో అంతస్తు నివాసి,
హైదరాబాద్