తెలుగు గడిలో పేరు చదివి చూపించండి

సంపాదకులకు నమస్కారం.

ఓటరు నమోదుకు వాడే ఫారం 6లో పేరును ఇంగ్లిషులోనూ, రాష్ట్ర అధికార భాషలోనూ ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో ఇంగ్లిషు పేరు కొట్టగానే తెలుగు గడి తనంతట తానే నిండిపోతుంది. మా అమ్మాయి దరఖాస్తు నెట్ సెంటరులో నింపించినప్పుడు Grace అన్నది ‘గ్రాసే’ అయింది, వాళ్ల నాన్న పేరు Samuel ‘సముఎల్’ అయింది. నింపిన కుర్రవాడు ఇంగ్లిషు గడినే సరిచూశాడు. మేమూ అంతే చేశాం. కార్డు చేతికి వచ్చాకే తెలిసింది.

లక్ష్మి, గోపాల్ వంటి పేర్లకు అక్షరానికి అక్షరం పెట్టుకుంటూ పోతే కొంతవరకు సరిపోతుంది. ఇంగ్లిషు నుంచి వచ్చిన పేర్లలో రాత ఒకటి, పలుకు ఇంకొకటి. Grace చివరి e ఎవరూ పలకరు. అలాంటి పేరును చెవితో విని రాయాలే తప్ప అక్షరాలను చూసి కాదు. పోలింగు రోజున అధికారి జాబితాలోని పేరును ఏజెంట్లకు వినబడేలా పైకి చదువుతారు. ‘గ్రాసే’ అని పిలిస్తే ఆ పిల్ల తనను పిలిచారని ఎలా అనుకుంటుంది?

సరిగ్గా పలికించే రాతలు కూడా ఒకటి కాదు. శామ్యూల్, సామ్యూల్, శామ్యేలు అన్నీ మన ఊళ్లలో ఉన్నాయి, తెలుగు బైబిలులో సమూయేలు. వీటిలో ఏది తప్పని ఎవరూ అనలేరు. కానీ ఒక మనిషికి ఒక్కటే ఉండాలి, అది ఆ కుటుంబం రాసుకునేదే కావాలి. మా వారి కార్డులో ‘శామ్యూల్’ అని ఉంది. కూతురి కార్డులో అదే మనిషి ‘సముఎల్’.

కంటికి కనిపించని చిక్కు మరొకటి ఉంది. విల్సన్ వంటి పేరు చివర పొల్లు నిలవడానికి కొన్ని కీబోర్డులు కనిపించని గుర్తు ఒకటి చేరుస్తాయి. అది ఉన్నా లేకున్నా తెర మీద పేరు ఒకేలా ఉంటుంది, కంప్యూటర్ మాత్రం రెండు వేర్వేరు పేర్లుగా లెక్కిస్తుంది. ఉన్నదున్నట్టు పోల్చే వెతుకులాటలో ఆ పేరు దొరకదు. పోల్చే ముందు ఆ గుర్తును వదిలేసేలా చేయడం పెద్ద పని కాదు.

అధికారులను నేను కోరేది ఇది. దరఖాస్తు పంపే ముందు తెలుగు పేరును పెద్ద అక్షరాలతో విడిగా చూపించి, ‘చదివాను, సరిగ్గా ఉంది’ అని దరఖాస్తుదారు ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లనివ్వండి. జాన్, మేరీ, జోసెఫ్, డేనియల్ వంటి పేర్లకు వాడుకలో ఉన్న రాతలన్నీ చూపించి ఎంచుకోనివ్వండి. చదవడం రానివారికి ఇంటికొచ్చే బూత్ స్థాయి అధికారి తెలుగు పేరును పైకి చదివి వినిపించాలి.

పేరు సరిదిద్దమని మేము ఫారం 8 పెట్టాం. ఈసారి తెలుగు గడిని చెరిపి, మా అమ్మాయే తన పేరు కొట్టింది: గ్రేస్.

— ఒక తల్లి, తెనాలి