వార్షిక నివేదిక 2025-26: బాధితుల పరిహారంపై మన సంఘం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం. వీధి దీపాలు, బోరు మరమ్మతు, బతుకమ్మ ఏర్పాట్ల లెక్కలు విడిగా ఇచ్చిన పద్దులో ఉన్నాయి. ఇక్కడ ఒక్క కేసు గురించే రాస్తున్నాం.

ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసే మన సభ్యుడొకరికి పక్కింటివాళ్లతో గొడవలో చెయ్యి విరిగింది. నెలల తరబడి బస్తా ఎత్తలేకపోయాడు. తీవ్రంగా గాయపరిచినందుకు భారతీయ న్యాయ సంహిత 117(2) కింద కేసు పెట్టారు. విచారణలో ఆయన మొదటి సాక్షి, అంతే. కేసు నడిపేది ప్రభుత్వం, వాదించేది పబ్లిక్ ప్రాసిక్యూటర్. నిందితుడు మౌనంగా ఉండొచ్చు, అది అతని హక్కు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో వెలుతురు ఎంత ఉంది, కర్ర ఎవరి చేతిలో ఉంది అని అడిగారు గానీ, పని లేక ఇల్లు ఎట్లా గడిచిందని ఎవరూ అడగలేదు. చూసినవాళ్లు అడ్డం తిరిగారు, కేసు కొట్టేశారు.

అయినా దారి మూసుకుపోలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 396 ప్రకారం, నిందితుడు విడుదలైనా సరే, బాధితుడు మళ్లీ నిలదొక్కుకోవడానికి సాయం అవసరమైతే పరిహారానికి కోర్టు సిఫారసు చేయొచ్చు. ఈ డబ్బు నిందితుడిది కాదు, రాష్ట్ర పథకం నుంచి వచ్చేది. కొట్టిందెవరో రుజువు కాకపోయినా చెయ్యి విరిగిన మాట నిజమే కదా! అందుకే తీర్పుకు ముందే లాయరు ద్వారా ఈ అర్జీ వేయించాం, కోర్టు సిఫారసు చేసింది. ఎంత ఇవ్వాలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ తేలుస్తుంది. ఆ సంస్థ తన విచారణ రెండు నెలల్లో ముగించాలని చట్టం చెబుతుంది. ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం తేలిగ్గానే దొరికాయి. కష్టమైంది కూలి నష్టానికి రుజువు. హమాలీకి జీతం చీటీ ఉండదు కాబట్టి, ఆయన ఎన్నాళ్లు పనికి రాలేదో అడ్తి వ్యాపారితో రాయించి జతచేశాం. నిందితుడెవరో అసలు దొరక్క విచారణే జరగని కేసుల్లో బాధితులు నేరుగా ఆ సంస్థకే అర్జీ పెట్టుకోవచ్చు.

మధ్యలో కొందరు, "పెద్దమనుషుల్లో కూర్చోబెట్టండి" అన్నారు. ఇద్దరినీ కూర్చోబెట్టే పద్ధతి న్యూజిలాండ్‌లోనూ ఉంది, వాటిని పునరుద్ధరణ న్యాయ సమావేశాలంటారు. అక్కడ జిల్లా కోర్టులో నిందితుడు నేరం ఒప్పుకున్నాక, శిక్షకు ముందు కేసు ఆపి, బాధితుడికి ఇష్టమైతేనే సమావేశం పెడతారు. నడిపే మనిషి ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడతాడు. తీర్పు చెప్పడు. ఏం నష్టపోయాడో, ఏం కావాలో బాధితుడే చెబుతాడు. ఒప్పుకున్న మాటలు జడ్జికి చేరతాయి. మన పంచాయితీలో అలా కాదు, పెద్దలు ధరావతు పెట్టించుకుని తామే తీర్పు చెబుతారు, బలమున్న వైపు మొగ్గుతారు. పైగా ఇక్కడ అవతలివాళ్లు తప్పే ఒప్పుకోలేదు. అటువంటప్పుడు కూర్చోబెడితే కేసు వదులుకోమని ఒత్తిడి పెట్టినట్టే అవుతుంది. అందుకే సంఘం ఒప్పుకోలేదు. 117(2) కేసులో రాజీకి కోర్టు అనుమతి కూడా కావాలి.

విడుదల తీర్పుపై అప్పీలు చేసే హక్కు బాధితుడికి ఉంది. ఆ కాగితాలు ఇప్పుడు లాయరు చూస్తున్నారు. కోర్టులో కేసు నడుస్తున్న సభ్యులెవరైనా తీర్పు రాకముందే కార్యదర్శిని కలవండి, 396 అర్జీ రాసిపెడతాం.